నాలుగు పేజీలు దిద్ది చూసి పేజీ ధర తేల్చడం ఎలా: ఇంగ్లీషు పత్రాలు ఎడిట్ చేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఇంగ్లీషు మాతృభాష కాని రచయితల పత్రాలు దిద్దే పనిలోకి కొత్తగా వచ్చినవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "పేజీకి ఎంత అడగాలి?"

ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఒకే రచయిత రాసిన ఒకే పత్రంలో ఒక పేజీ తొమ్మిది నిమిషాల్లో పూర్తవుతుంది, ఇంకో పేజీకి దాదాపు అరగంట పడుతుంది. పత్రం చూడకుండా చెప్పిన ధర అటు రచయితకో ఇటు మీకో నష్టం చేస్తుంది. అందుకే ముందు కొంత భాగం నమూనాగా దిద్దాలి, గడియారం చూసుకుంటూ దిద్దాలి, ఆ తర్వాతే ధర చెప్పాలి. చాలామంది నమూనాను తమ ప్రతిభ చూపించే అవకాశం అనుకుంటారు. నా దృష్టిలో అది ముందుగా ఒక కొలత.

కింది దశలన్నీ ఒక పరిశోధన నివేదిక ఆధారంగా వివరిస్తాను. చెక్కను ఎండబెట్టడం గురించిన నివేదిక అనుకోండి. తెర మీద 64 పేజీలు. రచయిత అడిగింది "ప్రూఫ్ రీడింగ్ మాత్రమే".

## 1. ఫైలు తెరవకముందే అడగాల్సినవి

"ప్రూఫ్ రీడింగ్" అన్న మాటను రచయిత ఏ అర్థంలో వాడారో తెలుసుకోకుండా ముందుకు వెళ్లవద్దు. వృత్తిలో ఆ మాటకు అర్థం చాలా చిన్నది. భాష అప్పటికే సరిగ్గా ఉన్న తుది ప్రతిలో మిగిలిపోయిన అచ్చుతప్పులు, విరామ చిహ్నాలు, పొంతన లేని స్పెల్లింగులు పట్టుకోవడమే ప్రూఫ్ రీడింగ్. వ్యాకరణాన్ని, వాక్య నిర్మాణాన్ని, పదాల ఎంపికను సరిచేసేది కాపీ ఎడిటింగ్. ఇంగ్లీషు మాతృభాష కాని రచయిత తొలిసారి పంపే ప్రతికి చాలా సందర్భాల్లో అవసరమయ్యేది ఈ రెండోదే. రచయిత మోసం చేయడం లేదు. ఆయనకు తెలిసిన మాట అదొక్కటే.

రచయితకు పంపే మొదటి ఉత్తరంలో ఇవి అడగండి:

- పత్రం ఎక్కడికి వెళుతుంది: పత్రికకా, విశ్వవిద్యాలయానికా, క్లయింటుకా?
- బ్రిటిష్ స్పెల్లింగా, అమెరికన్ స్పెల్లింగా?
- పాటించాల్సిన శైలి నియమావళి ఏదైనా ఉందా?
- ఇది తుది ప్రతేనా, లేక ఇంకా రాస్తున్నారా?
- గ్రంథసూచిని కూడా దిద్దాలా?
- సిద్ధాంత గ్రంథమైతే, బయటి ఎడిటర్ సాయం తీసుకోవడానికి పర్యవేక్షకుడి అనుమతి ఉందా?

చివరి ప్రశ్నను వదిలేయవద్దు. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి రచనను బయటివారు ఎంతవరకు దిద్దవచ్చో చెప్పే నియమాలు ఉంటాయి. కెనడా, ఆస్ట్రేలియా ఎడిటర్ల సంఘాలు సిద్ధాంత గ్రంథాల ఎడిటింగుకు విడిగా మార్గదర్శకాలే ప్రచురించాయి. భాషను దిద్దవచ్చు గానీ వాదనను మీరు రాయకూడదు. అనుమతి లేకుండా చేసిన మంచి పని కూడా విద్యార్థికి చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

## 2. పేజీని తెర మీద కాకుండా పదాల్లో కొలవండి

తెర మీద కనిపించే పేజీ నమ్మదగ్గ కొలత కాదు. అక్షరాల పరిమాణం తగ్గించి, పంక్తుల మధ్య ఖాళీ తగ్గిస్తే రెండు పేజీల పాఠం ఒక పేజీలో ఇముడుతుంది. ఎడిటోరియల్ ఫ్రీలాన్సర్స్ అసోసియేషన్ వంటి వృత్తి సంఘాలు 250 పదాలను ఒక పేజీగా లెక్కిస్తాయి. కొన్ని ఐరోపా దేశాల్లో ఖాళీలతో కలిపి 1800 అక్షరాలను ప్రామాణిక పేజీ అంటారు. ఏది వాడినా సరే, ధర చెప్పే ఉత్తరంలో దాన్ని స్పష్టంగా రాయాలి. ఈ వ్యాసంలో పేజీ అంటే 250 పదాలు.

వర్డ్‌లో `Ctrl+Shift+G` నొక్కితే పదాల లెక్క వస్తుంది. ఆ పెట్టెలోనే ఫుట్‌నోట్లను, టెక్స్ట్ బాక్సులను కలపాలా వద్దా అనే గడి ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. ఫుట్‌నోట్లు ఎక్కువగా ఉన్న పత్రంలో ఈ ఒక్క గడి వల్లే చాలా పేజీల తేడా వస్తుంది.

మన నివేదికలో మొత్తం 26,800 పదాలు ఉన్నాయి. అందులో గ్రంథసూచి 3,100. అనుబంధంలోని అంకెల పట్టికలు 1,700. ఈ రెండూ దిద్దనవసరం లేదని రచయిత చెప్పారు. మిగిలింది 22,000 పదాలు, అంటే 88 పేజీలు. తెర మీద కనిపించిన 64 పేజీలకు ధర చెప్పి ఉంటే 24 పేజీల పని లెక్కలోకే వచ్చేది కాదు.

ఇంకొక మాట. లెక్క ఎప్పుడూ దిద్దకముందున్న ప్రతి మీదే వేయాలి. బాగా దిద్దితే పాఠం చిక్కబడి పదాలు తగ్గుతాయి. దిద్దిన ప్రతి మీద లెక్కిస్తే మీ శ్రమే మీ రాబడిని తగ్గిస్తుంది.

## 3. నమూనాను ఎక్కడి నుంచి తీయాలి

మొదటి నాలుగు పేజీలను నమూనాగా తీసుకోవడమే ఈ పనిలో అతి పెద్ద తప్పు. పరిచయ భాగాన్ని రచయిత ఎన్నోసార్లు తిరగరాసి ఉంటారు. సహ రచయితలు, పర్యవేక్షకులు అందరికంటే ముందు చూసేది దాన్నే. ఆ రంగంలో అందరూ వాడే స్థిరమైన వాక్యాలు కూడా అక్కడే ఎక్కువ. చర్చ భాగానికి వచ్చేసరికి రచయిత తన సొంత ఆలోచనను తన సొంత ఇంగ్లీషులో చెప్పుకోవాలి. భాష తడబడేది అక్కడ.

రచయిత తానే నమూనా పేజీలు ఎంచి పంపితే కృతజ్ఞతలు చెప్పి, పూర్తి ఫైలు అడగండి. బాగా వచ్చిన పేజీలను చూపించాలనుకోవడం సహజం, కానీ వాటి మీద వేసిన లెక్క మిగతా పత్రానికి సరిపోదు.

మన నివేదిక నుంచి నేను 1,000 పదాలు తీస్తాను:

- పరిచయం నుంచి 250 పదాలు
- ప్రయోగ పద్ధతుల నుంచి 250 పదాలు
- చర్చ భాగం మధ్య నుంచి 500 పదాలు

చర్చకు రెండింతలు ఇవ్వడానికి కారణం పైన చెప్పిందే. వెయ్యి పదాలు దాటి ఉచితంగా దిద్దాల్సిన అవసరం లేదు. నాలుగు పేజీల్లో రచయిత అలవాట్లన్నీ దాదాపుగా బయటపడతాయి. ఒక భాషలో ఆలోచించి మరో భాషలో రాసేవారి తప్పులు గజిబిజిగా ఉండవు, అవే కొన్ని తిరిగి తిరిగి వస్తాయి.

## 4. నమూనాను దిద్దే క్రమం

### 4.1 ఫైలును సిద్ధం చేయడం

అసలు ఫైలు ముట్టుకోకుండా నకలు తీసుకోండి. తర్వాత ఈ క్రమంలో వెళ్లండి:

- మొత్తం పాఠాన్ని ఎంచుకుని, ప్రూఫింగ్ భాషను బ్రిటిష్ లేదా అమెరికన్ ఇంగ్లీషుకు మార్చండి.
- అదే పెట్టెలో స్పెల్లింగును తనిఖీ చేయవద్దు అనే గడి ఎంచి ఉంటే తీసేయండి.
- ఆకృతి మార్పులను నమోదు చేసే ఎంపికను ఆపేయండి.
- `Ctrl+Shift+E` నొక్కి ట్రాక్ చేంజెస్ మొదలుపెట్టండి.
- గడియారం మొదలుపెట్టండి.

మొదటి రెండు పనులు చిన్నవిగా కనిపిస్తాయి గానీ వదిలేయదగ్గవి కావు. రచయిత కంప్యూటర్లో పుట్టిన ఫైలుకు చాలాసార్లు ఆయన మాతృభాషే ప్రూఫింగ్ భాషగా ఉంటుంది. కొన్ని పేరాలకు ఒక భాష, కొన్నిటికి మరొకటి ఉండటమూ మామూలే. అప్పుడు తప్పు స్పెల్లింగు కింద ఎర్ర గీత రాదు. గీత లేదు కాబట్టి తప్పు లేదనుకుని మీరు ముందుకు వెళ్లిపోతారు.

మూడోది రచయిత కోసం. రెండు ఖాళీలను ఒకటి చేయడం, ఫాంటు సరిచేయడం వంటివన్నీ నమోదైతే, చూడాల్సిన నాలుగు ముఖ్యమైన మార్పులు నాలుగు వందల అనవసరపు గుర్తుల్లో కలిసిపోతాయి.

### 4.2 ఒక వాక్యం దిద్ది చూద్దాం

ప్రయోగ పద్ధతుల భాగంలో ఈ వాక్యం ఉంది:

```
The specimens were dried until 80 °C since two days,
which allowed to reduce the moisture eventually.
```

తొందరపడితే ఈ వాక్యాన్ని అర నిమిషంలో అందంగా తిరగరాయవచ్చు. అలా చేస్తేనే ప్రమాదం. ఇందులో ఉన్నవన్నీ ఒకే రకం తప్పులు కావు.

`since two days` అన్నది నిస్సందేహంగా తప్పు. కాల వ్యవధి చెప్పేటప్పుడు `for two days` రావాలి. అడగాల్సిన పని లేదు, దిద్దేయవచ్చు. `allowed to reduce` కూడా అంతే. ఎవరిని అనుమతించిందో చెప్పకుండా ఇంగ్లీషులో ఆ క్రియను అలా వాడరు. `reduced` అంటే సరిపోతుంది.

`until 80 °C` దగ్గర ఆగాలి. చెక్క ముక్కలను 80 డిగ్రీల వద్ద ఉంచి ఎండబెట్టారా? లేక ఉష్ణోగ్రతను మెల్లగా పెంచుకుంటూ 80 వరకు తీసుకెళ్లారా? రెండు వేర్వేరు ప్రయోగాలు అవి. రెండు రోజుల వ్యవధి చూస్తే మొదటిదే కావచ్చు. కానీ ప్రయోగం చేసింది రచయిత, మనం కాదు. కాబట్టి `at` అని సూచించి, పక్కన ప్రశ్న రాయాలి.

ఇక `eventually`. ఇంగ్లీషులో దాని అర్థం "చివరికి". కానీ ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ భాషల్లో దాన్ని పోలిన మాటలకు అర్థం "బహుశా", "కొన్ని సందర్భాల్లో". రచయిత మాతృభాష వాటిలో ఒకటైతే, "తేమ తగ్గి ఉండవచ్చు" అని ఆయన ఉద్దేశం కావచ్చు. వ్యాకరణ పరంగా తప్పు లేకపోవడంతో స్పెల్లింగు తనిఖీ దీన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. మనమూ దీన్ని కొట్టేయకూడదు, ఉంచి అడగాలి.

దిద్దిన వాక్యం ఇలా ఉంటుంది:

```
The specimens were dried at 80 °C for two days,
which eventually reduced the moisture.
```

రెండు దిద్దుబాట్లు, ఒక సూచన, రెండు ప్రశ్నలు. ఒక వాక్యానికి ఇంత సమయమా అనిపించవచ్చు. ఆ సమయమే మీ ధరలోకి రావాలి.

### 4.3 ప్రశ్నను ఎలా రాయాలి

మీ ప్రశ్నను చదివేది ఇంగ్లీషు మాతృభాష కాని వ్యక్తి. "ఈ వాక్యం స్పష్టంగా లేదు, దయచేసి వివరించండి" అని రాస్తే ఆయన మరో అస్పష్టమైన వాక్యం పంపుతారు. ఆయనకు ఆ వాక్యం స్పష్టంగానే కనిపిస్తోంది కదా.

ప్రతి ప్రశ్నలో రెండు అర్థాలు చెప్పి, ఒకటి ఎంచుకోమనండి. ఒక అక్షరంతో జవాబు చెప్పగలిగేలా ఉండాలి:

```
Which is correct?
(a) The temperature was 80 °C for the full two days.
(b) The temperature rose slowly to 80 °C.
```

ఈ పద్ధతి మొదలుపెట్టాక నాకు వచ్చే జవాబుల్లో గందరగోళం బాగా తగ్గింది. మొదట్లో నేను పొడవైన, మర్యాదతో నిండిన ప్రశ్నలు రాసేదాన్ని. ఒక రచయిత వాటన్నిటికీ "అవును" అని జవాబిచ్చారు. ఆయన తప్పేమీ లేదు, నా ప్రశ్నలే అలా ఉన్నాయి.

### 4.4 దిద్దకూడనివి

అతిగా దిద్దడం తక్కువ దిద్దడమంత తప్పే. ముఖ్యంగా మూడు చోట్ల చేయి ఆపుకోవాలి.

మొదటిది, వాదన బలం. రచయిత `prove` అని రాసిన చోట మీకు `suggest` అన్నది సరైన మాటగా తోచవచ్చు. అది భాషకు సంబంధించిన మార్పు కాదు, రచయిత చేస్తున్న ప్రకటనకే మార్పు. ప్రశ్నగా రాయండి.

రెండోది, పారిభాషిక పదాల వైవిధ్యం. నివేదికలో ఒకచోట `sample`, మరోచోట `specimen` ఉంటే రెండూ ఒకటేనని కలిపేయవద్దు. పెద్ద పలకను ఒక మాటతో, దాని నుంచి కోసిన ముక్కను మరో మాటతో పిలుస్తూ ఉండవచ్చు. దీనికి విరుద్ధంగా, ఒకే మాట పదేపదే వస్తోందని పర్యాయపదాలు పెట్టడం ఇంకా చెడ్డది. శాస్త్ర పత్రంలో మాట మారితే వస్తువు మారిందని పాఠకుడు అనుకుంటాడు. `significant` అన్న మాటను కొత్తగా చేర్చవద్దు, ఉన్నదాన్ని మార్చవద్దు. గణాంక శాస్త్రంలో దానికి కచ్చితమైన అర్థం ఉంది.

మూడోది, అంకెలు. చాలా భాషల్లో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. `1,250 kg` అంటే వెయ్యిన్నీ రెండు వందల యాభై కిలోలా, ఒకటింబావు కిలోనా? చుట్టూ ఉన్న పాఠాన్ని బట్టి తెలిసినట్టే ఉన్నా, అంకెను రచయితను అడగకుండా ముట్టుకోవద్దు.

### 4.5 నమూనా పూర్తయ్యాక నోటు చేసుకోవాల్సినవి

- ఒక్కో భాగానికి పట్టిన నిమిషాలు
- పేజీకి ఎన్ని వాక్యాలు రెండోసారి చదివితే గానీ అర్థం కాలేదు
- పేజీకి ఎన్ని ప్రశ్నలు రాశారు
- పదేపదే వచ్చిన మూడు నాలుగు రకాల తప్పులు

ఈ నోటు చూసి ఇది ప్రూఫ్ రీడింగా, ఎడిటింగా అన్నది తేల్చండి. నేను పాటించే హద్దు ఇది: పేజీకి మూడు వాక్యాలకు మించి తిరగరాయాల్సి వస్తే అది ప్రూఫ్ రీడింగ్ కాదు. మన నివేదికలో పరిచయం ఆ హద్దులోనే ఉంది. చర్చ భాగం బాగా దాటిపోయింది.

## 5. నిమిషాల నుంచి పేజీ ధరకు

నమూనాలో పట్టిన సమయం ఇలా వచ్చిందనుకుందాం. పరిచయం పేజీకి 9 నిమిషాలు. పద్ధతులు పేజీకి 12 నిమిషాలు. చర్చ రెండు పేజీలకు 52 నిమిషాలు, అంటే పేజీకి 26.

వీటికి సగటు తీసి 88తో గుణించవద్దు. పత్రంలో ఏ భాగం ఎన్ని పేజీలుందో చూడాలి:

- పరిచయం, పూర్వ పరిశోధన: 20 పేజీలు × 9 = 180 నిమిషాలు
- పద్ధతులు, ఫలితాలు: 38 పేజీలు × 12 = 456 నిమిషాలు
- చర్చ, ముగింపు: 30 పేజీలు × 26 = 780 నిమిషాలు

మొత్తం 1,416 నిమిషాలు. ఇది మొదటి విడత మాత్రమే.

రెండో విడత తప్పనిసరి. మార్పుల గుర్తులు కనిపించకుండా చేసి పాఠాన్ని మొదటి నుంచి చివరి వరకు శుభ్రంగా చదవాలి. మీ దిద్దుబాటులోనే మీరు చేసిన తప్పులు, రెండుసార్లు పడిన `the`లు, విరిగిన వాక్యాలు అప్పుడే కనిపిస్తాయి. దీనికి పేజీకి 5 నిమిషాల చొప్పున 440 నిమిషాలు. రచయితతో ఉత్తరాలకు, జవాబులను పాఠంలో చేర్చడానికి 120 నిమిషాలు. అన్నీ కలిపితే 1,976 నిమిషాలు, సుమారు 33 గంటలు. అనుకోని వాటికి పదో వంతు కలపండి. 36 గంటలు.

మీ గంట విలువ 100 అనుకోండి, ఏ కరెన్సీ అయినా సరే. మొత్తం 3,600. దాన్ని 88తో భాగిస్తే పేజీకి సుమారు 41.

పరిచయాన్ని మాత్రమే నమూనాగా తీసుకుని ఉంటే ఏమయ్యేదో చూడండి. 88 పేజీలకు 9 నిమిషాల చొప్పున 792 నిమిషాలు. రెండో విడత, ఉత్తరాలు కలిపితే 1,352. పదో వంతు కలిపినా 25 గంటలే. పేజీకి 28 చెప్పి ఉండేవారు. అక్కడి నుంచి 11 గంటలు జీతం లేని పని, లేదా చర్చ భాగాన్ని హడావుడిగా ముగించడం. సాధారణంగా జరిగేది రెండోదే, నష్టపోయేది రచయిత.

గంట విలువ ఎంత ఉండాలన్నది వేరే ప్రశ్న. బ్రిటన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడిటింగ్ అండ్ ప్రూఫ్ రీడింగ్ వంటి సంఘాలు కనీస గంట ధరలను సూచిస్తాయి. వాటిని పోల్చుకోవడానికి చూడండి. కానీ పన్ను, సెలవులు, పని దొరకని రోజులు మీ గంట విలువలోనే ఇమడాలని మరచిపోవద్దు.

గడువు కూడా ఈ లెక్క నుంచే వస్తుంది. ఈ పని రోజుకు నాలుగైదు గంటలు దాటితే కళ్లు చదువుతాయి గానీ మనసు చదవదు. 36 గంటల పనికి ఎనిమిది తొమ్మిది రోజులు అడగండి.

## 6. ధర చెప్పే ఉత్తరం

దిద్దిన నమూనాను ధరతో పాటే పంపండి. ముందు ధర పంపి, నమూనా తర్వాత పంపితే రచయితకు అంకె ఒక్కటే కనిపిస్తుంది. కలిపి పంపితే ఆ అంకె దేనికో కళ్ల ముందే ఉంటుంది. ఉత్తరంలో ఇవి ఉండాలి:

- పేజీ అంటే 250 పదాలు, లెక్క అసలు ప్రతి మీద
- మొత్తం పేజీలు, పేజీ ధర, మొత్తం
- ఏవి చేస్తారు, ఏవి చేయరు (గ్రంథసూచి, పట్టికలు)
- ప్రశ్నలకు జవాబులు వచ్చాక ఒకసారి ఉచితంగా సరిచూడటం
- ఆ తర్వాత కొత్తగా చేర్చిన పాఠానికి అదే పేజీ ధర
- గడువు, ముందస్తు చెల్లింపు

"నాకు ప్రూఫ్ రీడింగ్ చాలు, ధర తగ్గించండి" అని రచయిత అంటే వాదించనవసరం లేదు. నమూనాలోని చర్చ భాగం నుంచి ఒక పేరాను రెండు రకాలుగా చూపించండి: అచ్చుతప్పులు మాత్రమే దిద్దితే ఎలా ఉంటుందో, భాష దిద్దితే ఎలా ఉంటుందో. ఆ తర్వాత కూడా మొదటిదే కావాలంటే అది ఆయన హక్కు. అప్పుడు నిజంగా అంతవరకే చేయండి, ఆ సంగతి రాతలో పెట్టండి. మనసొప్పక ధర తగ్గించిన పనిలో భాషంతా దిద్దేస్తే, రెండోసారి కూడా అదే ధరకు అదే పని ఆశిస్తారు.

ధర నిజంగానే భారమైతే పని పరిమాణం తగ్గించే మార్గం చూపండి. మన నివేదికలో చర్చ, ముగింపు మాత్రమే భాష దిద్ది, మిగతాది ప్రూఫ్ రీడింగ్ చేయవచ్చు. గంట విలువ తగ్గించడం కంటే ఇది ఇద్దరికీ మేలు.

## 7. సంస్థలు పెట్టే ఎడిటింగ్ పరీక్ష

ఎడిటింగ్ సంస్థల్లో చేరడానికి రాసే పరీక్ష వేరు. అక్కడ పాఠంలో కావాలని పెట్టిన తప్పులు ఉంటాయి. వాటిలో భాషవి కొన్నే. పాఠంలో 42 శాతం, పట్టికలో 24 శాతం. మూడు వర్గాల శాతాలు కలిపితే 100 దాటడం. మూడో బొమ్మ తర్వాత ఐదో బొమ్మ. ఉదహరించిన వ్యాసం గ్రంథసూచిలో లేకపోవడం. వాక్యాలు దిద్దడంలో మునిగిపోయినవారు ఇవి చూడరు. అందుకే పరీక్షలో భాషను ఒక విడతలో, అంకెలను, బొమ్మలను, ఉదహరింపులను విడిగా మరో విడతలో చూడండి.

సూచనల్లో శైలి నియమావళి పేరు ఉంటే అది కూడా పరీక్షలో భాగమే. `-ise` కావాలన్న చోట `-ize` వదిలేస్తే, మిగతాదంతా బాగున్నా సూచనలు చదవలేదనే తీర్మానిస్తారు.

పరీక్ష ఎంత పొడవుండాలి? నాలుగైదు పేజీలు న్యాయం. ఇరవై పేజీలు ఉచితంగా దిద్దమంటే, ఆ పాఠం పరీక్ష కోసం తయారుచేసినదిలా కాక ఒక పెద్ద పత్రం మధ్యలో కోసినట్టుంటే, దానికి డబ్బు అడగండి. ఒకసారి నాకు వచ్చిన "పరీక్ష" ఒక పుస్తకంలోని మూడో అధ్యాయం. మరో ఎడిటరుకు అదే సంస్థ నుంచి అదే వారం నాలుగో అధ్యాయం వచ్చింది.

## 8. పని మధ్యలో అంచనా తప్పితే

నాలుగు పేజీలు ఎంత జాగ్రత్తగా ఎంచినా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తాయి. ఎక్కువగా అలా జరిగేది పత్రాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి రాసినప్పుడు. మీ నమూనాలో ఒకరి రాతే పడి ఉంటుంది. పద్ధతుల్లో ఒక తరహా తప్పులు, ఫలితాల్లో పూర్తిగా మరో తరహా తప్పులు కనిపిస్తే చేయి మారిందని అర్థం.

దీన్ని తొందరగా పట్టుకోవడానికి, పని వరుసగా మొదలుపెట్టకుండా ప్రతి భాగం నుంచి మొదటి రెండు మూడు పేజీలు ముందు దిద్ది, నిమిషాలు మళ్లీ రాసుకోండి. పది పేజీలు దాటేసరికి అంచనాతో పోల్చండి. పదో వంతు తేడా మీరు కలుపుకున్న అదనంలో ఇముడుతుంది. నాలుగో వంతు దాటితే ఆ రోజే పని ఆపి రచయితకు రాయండి. ఏ భాగంలో, ఎన్ని పేజీల్లో, పేజీకి ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతోందో దిద్దిన ఒక పేజీతో సహా చూపించండి. కొత్త మొత్తం చెప్పండి. వద్దంటే ఇప్పటివరకు దిద్దిన పేజీలకు పాత ధరే తీసుకుని ఆగడానికి సిద్ధమని కూడా రాయండి.

పది పేజీల దగ్గర ఈ ఉత్తరం వస్తే రచయిత ఆలోచించగలరు. నిధులు చూసుకోవచ్చు, కొన్ని భాగాలు తగ్గించుకోవచ్చు, సహ రచయితను ఆ భాగం మళ్లీ చూడమనవచ్చు. ఎనభయ్యో పేజీ దగ్గర వస్తే, పత్రిక గడువు నెత్తిమీద ఉన్న మనిషికి ఒప్పుకోవడం తప్ప దారి ఉండదు. అక్కడిదాకా వచ్చాక బయటపడిన తేడాను నేను అడగను, నేనే భరిస్తాను. తర్వాతి పత్రానికి నమూనా తీసేటప్పుడు ఎవరెవరు ఏయే భాగాలు రాశారన్న ప్రశ్నను మొదటి ఉత్తరంలోనే చేర్చుకుంటాను.